తూము దగ్గర తొమ్మిదో తరగతి: ప్రాజెక్టు ఆధారిత బోధనపై ఒక కేస్ స్టడీ

పాఠశాల: హనుమకొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
రాసింది: గణితం స్కూల్ అసిస్టెంట్

సమస్య

ప్రాజెక్టు పని మాకు కొత్తేమీ కాదు. 20 మార్కుల ఫార్మేటివ్ పరీక్షలో 5 మార్కులు దానివే. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పిల్లలు గైడు చూసి రాసి, రంగు కాగితం అట్ట వేసి తెచ్చేవారు, మేం సంతకం పెట్టేవాళ్లం. ఒకసారి నాలుగు పుస్తకాల్లో ఒకే అక్షరదోషం కనిపించింది. అయినా నలుగురికీ ఐదేసి మార్కులు వేశాను.

చేసిన మార్పు

గణితం, భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం, తెలుగు టీచర్లం నలుగురం కలిసి తొమ్మిదో తరగతికి ఒకే ప్రశ్న ఇచ్చాం: మన చెరువు నీళ్లు చివరి మడికి ఎందుకు సరిగ్గా అందడం లేదు? వారానికి రెండు పీరియడ్లు, ఆరు వారాలు. కాకతీయుల కాలం నుంచీ చెరువుల మీద బతికిన ప్రాంతం మాది. ఆయకట్టు అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు.

కాలువలో పది మీటర్లు కొలిచి, బెండు ముక్క వదిలి, ఫోనులో సమయం చూశారు. తూము దగ్గర అది 25 సెకన్లలో దాటింది. వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20. పైన నీరు అడుగు కంటే వేగంగా పారుతుంది కాబట్టి 0.85తో గుణిస్తే సెకనుకు సుమారు 41 లీటర్లు. చివర్లో అదే లెక్క 8 లీటర్లకు పడిపోయింది. "సార్, దొంగ దొరికిండు!" అని పిల్లలు ఎగిరి గంతేశారు.

కట్ట మీద కూర్చున్న నీరటి నవ్వాడు. "నడుమ మడవలన్నీ తెరిచే ఉన్నయి గద సార్, పొలాలు తాగుతలేవా?"

నాకూ తట్టలేదు. మర్నాడు మడవలు కాసేపు మూయించి, నీళ్లు నిలకడగా పారేదాకా ఆగి మళ్లీ కొలిస్తే చివర్లో 16 లీటర్లు వచ్చాయి. మిగతా 25 కాలువలోనే పోతున్నాయి. పిల్లలు గట్టు వెంట నడిచి ఎండ్రకాయ బొరియలు, తెగిన చోట్లు గుర్తించి పటం గీశారు. తెలుగు పీరియడ్‌లో పంచాయతీకి వినతిపత్రం రాశారు. మూడుసార్లు తిప్పి రాయించాం.

ఫలితం

రెండు తెగిన చోట్లను రైతులే మట్టి వేసి పూడ్చారు. పంచాయతీ నుంచి ఇంకా జవాబు లేదు.

స్లిప్ టెస్టు మార్కులు పెద్దగా పెరగలేదు. "చదువు మానిపించి చెరువు కాడ తిప్పుతున్నరా?" అని ఇద్దరు తండ్రులు నిలదీశారు. లెక్కలు చూపిస్తే ఒకాయన శాంతించాడు, ఇంకొకాయన శాంతించలేదు. కానీ పత్తి ఏరే రోజుల్లో మానేసే ముగ్గురు పిల్లలు ఈసారి కొలతల రోజుల్లో మానలేదు. బోర్డు దగ్గరికి రమ్మంటే తల దించుకునే ఒక అమ్మాయి, చివరి రోజు రైతుల ముందు నిలబడి 0.85 ఎందుకో చెప్పింది.

పదో తరగతికి దీన్ని తేలేదు. బోర్డు పరీక్షల టెన్షన్‌లో ఆరు వారాలు ఎవరూ ఇవ్వరు. వచ్చే ఏడాది కొలతలకు ముందే నీరటిని క్లాసుకు పిలవాలని అనుకున్నాం.