మూసీ వ్యాసం: మీరు సూచించిన కోతల మీద నా జవాబు

పద్మజ గారికి,

నమస్తే. మీరు మార్కింగ్‌తో పంపిన ఫైలు నిన్న సాయంత్రం అందింది. ఒకసారి గబగబా చదివి పక్కన పెట్టి, పొద్దున మళ్లీ నిదానంగా చదివాను. 1908లో హైదరాబాద్‌ని ముంచిన మూసీ వరద మీద నేను రాసిన 3,900 మాటల వ్యాసాన్ని 2,800కి తేవాలంటే ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. మీరు కత్తెర పెట్టిన చోట్లలో ఎక్కువ భాగం సరైనవే. మూడు చోట్ల మాత్రం కొంచెం బతిమాలుకుంటాను.

ముందు ఒప్పుకున్నవి చెప్తాను. అనంతగిరి కొండల్లో మూసీ పుట్టుక నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా రాసిన మొదటి రెండు పేరాలు తీసేయండి. 1908 సెప్టెంబర్ 28 తెల్లవారుజాముతోనే వ్యాసం మొదలవ్వాలన్న మీ మాట నిజం. వరద కోసం పేజీ తిప్పిన పాఠకుడికి భూగోళం పాఠంతో పనేముంది? విశ్వేశ్వరయ్య గారి జీవిత చరిత్ర కూడా పోనివ్వండి. ముద్దెనహళ్లి, మైసూరు దివాన్‌గిరీ, కృష్ణరాజ సాగర్ తెలియనివాళ్లు మన పాఠకుల్లో తక్కువ. 1909లో నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించిందనీ, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రెండు జలాశయాలు కట్టమన్నారనీ ఉంటే చాలు. అవే 1920లో పూర్తయిన గండిపేట, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ అన్న వాక్యం ఎలాగూ మీరు ఉంచారు.

ఈ రెండు జలాశయాల చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టిన 111 జీవో గురించిన పేరా మీద మీరు 'ఇది వేరే వ్యాసం' అని పక్కన రాశారు. కాదనను. 1996లో ఆ జీవో ఎందుకు తెచ్చారో, 2022లో దాని ఆంక్షల్ని ఎందుకు ఎత్తేశారో చెప్పడానికి నాలుగు వాక్యాలు ఏ మూలకూ చాలవు, పైగా చదివేవాళ్లకి కోపం వచ్చేలా ఉన్నాయి తప్ప అర్థమయ్యేలా లేవు. తీసేయండి. వేసవి సంచికకి ఇదే విషయం మీద విడిగా రాయమంటే రాస్తాను.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీ ఒడ్డుకెళ్లి హారతిచ్చి, చీరా గాజులూ సమర్పించిన కథ నాకు చాలా ఇష్టమైన భాగం. మీరు దాన్ని పూర్తిగా కొట్టేశారు. కాసేపు బాధపడ్డ మాట నిజమే. కానీ అది జనం నోట్లో ఉన్న కథ, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. పక్క పేజీలో వాన లెక్కలు ఇస్తూ ఇక్కడ దీన్నీ అదే గొంతుతో చెప్తే రెంటికీ మర్యాద ఉండదు. కాబట్టి పోనివ్వండి. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో 150 మందిని కాపాడిందని చెప్పే చింతచెట్టు సంగతి మాత్రం ఒక్క వాక్యంగా ఉంచాను. హైదరాబాద్ మీద రాసే ప్రతివాళ్లూ ఆ చెట్టెక్కుతారన్న మీ వ్యాఖ్య చదివి నవ్వుకున్నాను. అయినా అసలు దాని ఊసే లేకపోతే, మర్చిపోయారా అని మనకి ఉత్తరాలు రాస్తారు.

ఇక బతిమాలుకునేవి.

మొదటిది చెరువుల లెక్క. 'అంకెలు బరువుగా ఉన్నాయి, చదివేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు' అని ఆ పేరా మొత్తం కొట్టేశారు. అది లేకపోతే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు పద్మజ గారూ. పెద్ద వాన పడింది, నది పొంగింది, ఊరు మునిగింది అన్న కథ అందరూ చెప్పిందే. విశ్వేశ్వరయ్య గారు చూసింది వేరు. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులున్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. వాటిలో 221 తెగాయి. పైచెరువు కట్ట తెగిన నీళ్లు కింది చెరువు మీద పడితే, అసలే వాన నీటితో నిండి ఉన్న ఆ కట్టా తెగుతుంది. అలా వాన నీళ్లకి చెరువుల నీళ్లు తోడై ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. ఇది చెప్పకపోతే వరద అంటే ఆకాశం చేసిన పనిగా మిగిలిపోతుంది. జలాశయాలు ఎందుకు కట్టారో కూడా అర్థం కాదు.

మీ మాటా కొట్టిపారేయలేను, ఆ పేరాలో అంకెలు మరీ ఎక్కువైనాయి. అందుకని 4,25,000 క్యూసెక్కుల ప్రవాహం, ఉపనదుల వారీ లెక్క, వంతెనల కొలతలు నేనే తీసేశాను. 788, 221, శంషాబాద్‌లో 24 గంటల్లో పడ్డ 12.8 అంగుళాల వాన, ఈ మూడూ మిగిల్చాను. అంగుళాలంటే ఈతరం వాళ్లకి తెలియదేమోనని దాదాపు 325 మిల్లీమీటర్లు అని కలిపాను. 210 మాటల పేరా 95కి వచ్చింది.

రెండోది అమ్జద్ హైదరాబాదీ భాగం. స్థలం కోసం తీశారని తెలుసు. అయితే వ్యాసంలో మిగతావన్నీ ఇంజినీర్ల లెక్కలు, సర్కారు ఏర్పాట్లు. ఆ రాత్రి నీళ్లలో ఉన్న మనిషి ఈయనొక్కడే. తల్లినీ భార్యనీ కూతుర్నీ ఆ వరదలో పోగొట్టుకుని ఒంటరిగా బయటపడ్డ కవి, తర్వాత ఉర్దూ రుబాయీలకి పెద్ద పేరయ్యాడు. తెలుగులో ఆయన గురించి రాసింది తక్కువ. ఆయన సాహిత్యం మీద నేను చేసిన వ్యాఖ్యానమంతా తీసేసి, ఆ రాత్రి సంగతి మాత్రం ఆరు వాక్యాల్లో ఉంచాను. ఇంకా స్థలం కావాలంటే 1578 నాటి పురానాపూల్ గురించిన పేరా కోయండి గానీ దీన్ని ముట్టుకోకండి.

మూడోది చివరి పేరా. 2020 అక్టోబర్ వరదల దగ్గరికి రావడం 'అతికించినట్టుంది' అన్నారు. నేను రాసిన తీరు అలాగే ఉంది, నాయకుల ప్రకటనలు అవీ చేర్చి సాగదీశాను. అవన్నీ పోయాయి. ఆ నెలలో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయన్న ఒక్క వాక్యాన్ని చెరువుల పేరా చివర పెట్టాను. అక్కడైతే అతుకు కనబడదు. నా వ్యాఖ్యానం ఏమీ జోడించలేదు.

ఒక చిన్న సంగతి. చనిపోయినవాళ్లు 'సుమారు 15 వేలు అని అంచనా' అని నేను రాస్తే, మీరు '15 వేల మంది మరణించారు' అని మార్చారు. వాక్యం చురుగ్గా వచ్చింది, నిజమే. కానీ తల లెక్కపెట్టినట్టు చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. 'అంచనా' అన్న మాట తిరిగి పెట్టాను, దయచేసి ఉండనివ్వండి.

సబ్‌హెడింగులు మీరు పెట్టినవే బాగున్నాయి, మార్చలేదు. శీర్షిక మీ ఇష్టం. 'కన్నీటి మూసీ' లాంటిది మాత్రం వద్దు.

ఇవన్నీ చేశాక 2,960 వచ్చింది. ఇంకా 160 మాటలు ఎక్కువే. పురానాపూల్ తీసేస్తే దాదాపు సరిపోతుంది, లేదా ఒక ఫొటో చిన్నది చేస్తే కుదురుతుందేమో డిజైన్ వాళ్లని అడిగి చూడండి. మార్చిన ఫైలు దీనితో జత చేశాను. నేను మళ్లీ పెట్టినవి పసుపు రంగులో ఉన్నాయి, వెతుక్కోనక్కర్లేదు. ఫొటోల కింద రాయాల్సిన వాక్యాలు రేపు మధ్యాహ్నంలోగా పంపుతాను. శుక్రవారం పేజీలు వెళ్లేముందు ప్రూఫ్ ఒకసారి చూపిస్తే అంకెలు సరిచూసుకుంటాను. గురువారం రాత్రి పది దాటినా ఫోన్ చేయొచ్చు.

అభిమానంతో,
రాఘవరావు