స్టోన్‌హౌస్‌పేట సెలూన్‌కి పది చుక్కల కార్డు: లెక్క, మాటలు

మామా,

కటింగ్‌కి ఒక చుక్క కొట్టి, కార్డు నిండితే ఒక కటింగ్ ఫ్రీ ఇద్దామనుకున్నాం కదా, ఆ కార్డు సంగతి మొత్తం ఇందులో రాశాను. కార్డు మీద మాటలు, గోడ బోర్డు, వాట్సాప్ మెసేజ్, మన వాళ్లకి చెప్పాల్సినవి అన్నీ ఉన్నాయి. నువ్వు సరే అంటే ఉన్నవి ఉన్నట్టే అచ్చుకి ఇచ్చేస్తాను. ముందు లెక్క చూడు, ఎందుకంటే నీకూ నాకూ తేడా వచ్చింది అక్కడే.

మెయిన్ రోడ్డు ఏసీ షాపు వాళ్లు అయిదు కటింగులకి ఆరోది ఫ్రీ అంటున్నారని మనమూ అదే పెడదామన్నావు. వాళ్ల సంగతి నాకు తెలీదు, మనకి మాత్రం అది గిట్టదు. మన దగ్గర కటింగ్ 120. అందులో సగం, 60, కుర్చీ దగ్గర పనిచేసినవాడి వాటా. ఫ్రీ కటింగ్‌కి కస్టమర్ డబ్బులివ్వడు, కానీ చేసినవాడికి ఆ 60 నువ్వు జేబులోంచి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫ్రీ కార్డు పట్టుకొచ్చిన మనిషిని చూడగానే వాళ్ల మొహం మాడిపోతుంది, కత్తెర కూడా అలాగే ఆడుతుంది. అంటే ఒక్క ఫ్రీ కటింగ్‌కి నీకు పోయేది 60 కాదు, 120.

నెలకోసారి వచ్చే మనిషిని తీసుకో. ఏడాదికి 12 కటింగులు, నీ వాటా 720. అయిదుకి ఒకటి ఫ్రీ ఇస్తే ఏడాదిలో రెండు ఫ్రీ పడతాయి, నీకు మిగిలేది 480. నేను పెట్టినట్టు ఏడు కటింగులకి ఎనిమిదోది ఫ్రీ అయితే ఏడాదిలో ఒక్కటే పడుతుంది. మధ్యలో ఒక తల మర్దన కూడా పెట్టాను, దానికి చేసినవాడికి 20 ఇస్తాం. ఏడాదిలో రెండు మర్దనలు వస్తాయి. అన్నీ పోను 560 మిగులుతుంది. అంటే ఎటూ మన దగ్గరికే వచ్చే మనిషి మీద ఏడాదికి 160 నష్టం. దీన్ని దాచి ప్రయోజనం లేదు.

లాభం ఎక్కడుందంటే సగం సార్లు మన దగ్గరికి, సగం సార్లు వేరే షాపుకి వెళ్లేవాడి దగ్గర. ఇప్పుడు వాడి వల్ల నీకు ఏడాదికి వచ్చేది 360. కార్డు చూసుకుని పన్నెండు సార్లూ మన దగ్గరికే వస్తే 560, అంటే 200 ఎక్కువ. అయిదుగురు పాతవాళ్ల మీద పోయే 800ని అలాంటి నలుగురు పూడుస్తారు. అదే అయిదుకి ఒకటి ఫ్రీ అయితే వాడు తెచ్చేది 120 ఎక్కువ, పాతవాడి మీద పోయేది 240. ఒక్క పాతవాడికి ఇద్దరు కొత్తవాళ్లు కావాలి. మన వీధిలో అంతమంది దొరకరు. అలాగని పాతవాళ్లకి కార్డు ఇవ్వకుండా కొత్తవాళ్లకే ఇస్తే మాత్రం గొడవ. ఇరవై ఏళ్లుగా వస్తున్న పెద్దాయన పక్క కుర్చీలో కుర్రాడి చేతిలో కార్డు చూసి ఊరుకుంటాడా?

కార్డు మీద ఎనిమిది చుక్కలు కాదు, పది పెట్టాను. మొదటి రెండు మనమే కొట్టి ఇస్తాం. తర్వాత ఏడు కటింగులకి ఏడు, పదోది ఫ్రీ. కస్టమర్ ఇచ్చే డబ్బులో తేడా లేదు, కానీ ఖాళీ కార్డు ఇస్తే పర్సులో పడి ఉంటుంది, మొదలైపోయిన కార్డు అయితే పూర్తి చేయబుద్ధవుతుంది. ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట ఇదే చేసి చూసి 2006లో అచ్చు వేశారు. ఎనిమిది ఖాళీ గళ్ల కార్డు పూర్తి చేసినవాళ్లు నూటికి 19 మంది, పది గళ్లలో రెండు ముందే నింపి ఇచ్చిన కార్డు పూర్తి చేసినవాళ్లు 34 మంది.

కార్డు ముందు వైపు:

మన సెలూన్
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

7 కటింగులు చేయించుకోండి, 8వది ఫ్రీ
ఇంటిల్లిపాదికీ ఒకటే కార్డు

ఫ్రీ కటింగ్ ఆదివారం మధ్యాహ్నం 2 లోపు, పండగ ముందు రోజు ఉండదు. మిగతా ఎప్పుడైనా రండి.
మంగళవారం సెలవు.

ఆ ఆదివారం మాట ముందు వైపే, పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వేసి కుర్చీలో కూర్చున్నాక చూపిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. ఆదివారం మొత్తం వద్దందామన్నావు. షాపుల్లో, పోర్టు వైపు పనిచేసేవాళ్లకి ఆదివారం ఒక్కటే తీరిక. వాళ్లకి మధ్యాహ్నం తర్వాతైనా ఇవ్వాలి. పొద్దున మాత్రం బెంచీ నిండి ఉంటుంది, అప్పుడు ఫ్రీ కటింగ్ చేస్తే డబ్బులిచ్చేవాడు లేచి వెళ్లిపోతాడు.

వెనక వైపు:

① ② ③ ④ ⑤ ⑥ ⑦ ⑧ ⑨ ⑩
మొదటి రెండూ మా తరఫున.
⑥ దగ్గర అయిదు నిమిషాల తల మర్దన ఫ్రీ.
⑩ దగ్గర కటింగ్ ఫ్రీ.

పెద్దల కటింగ్, పిల్లల కటింగ్, తలకి రంగు: ఒక్కోదానికి ఒక చుక్క. గడ్డం ఒక్కటే చేయించుకుంటే చుక్క లేదు.
ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది. మాల వేసుకున్నా, తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినా, ఇంట్లో మైల ఉన్నా ఒక మాట చెప్పండి, మూడు నెలలు పొడిగిస్తాం.
కార్డు మర్చిపోతామనుకుంటే మా పెట్టెలో ఉంచి వెళ్లండి.
మేము పథకం ఆపేసినా మీ చేతిలో ఉన్న కార్డు చెల్లుతుంది.

గడువు గురించి కొంచెం చెప్పాలి. ఊళ్లో చాలామంది ఆర్నెల్లే పెడతారు. నెలకోసారి వచ్చేవాడికి ఎనిమిదో కటింగ్ రావడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది, ఆర్నెల్లంటే ఫ్రీ ఇవ్వనని చెప్పడమే. పైగా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన కస్టమర్లలో ఎంతమంది అయ్యప్ప మాలలో ఉంటారో నీకే బాగా తెలుసు. 41 రోజులు కత్తెర, కత్తి తగలనివ్వరు. తిరుమలలో గుండు కొట్టించుకున్నవాడు రెండు మూడు నెలలు మన వైపు చూడడు. వాళ్లేం మనల్ని వదిలేసినవాళ్లు కాదు కదా. అందుకే ఆ వాక్యం రాశాను. అది చదివి నవ్వుకునేవాళ్లు కూడా ఉంటారు, పర్వాలేదు, గుర్తుంటుంది.

పిల్లల కటింగ్ 100, పెద్దలది 120 కదా, రెండింటికీ ఒకే చుక్కేంటని అత్త అడిగింది. ఆ ఇరవై దగ్గర లెక్క చూడొద్దు. తండ్రి ఇద్దరు పిల్లల్ని తీసుకొస్తే ఒకే రోజు మూడు చుక్కలు పడతాయి, ఆ ఇల్లు మొత్తం మనదవుతుంది. పిల్లలు మన కుర్చీ మీద పీట వేసుకుని కూర్చోవడం అలవాటైతే కాలేజీకి వెళ్లేదాకా మన దగ్గరికే వస్తారు. గడ్డానికి చుక్క ఇవ్వకపోవడానికి కారణం వేరు. వారం వారం వచ్చే గడ్డానికి కూడా ఇస్తే రెండు నెలల్లో కార్డు నిండిపోతుంది, 60 రూపాయల పనులకి 120 పని ఫ్రీ అవుతుంది.

అద్దం పక్కన పెట్టే బోర్డు:

కార్డు అడగండి, డబ్బులు అక్కర్లేదు.
ఏడు కటింగులు అయ్యాక ఎనిమిదోది మా తరఫున.
అయ్యకైనా, అబ్బాయికైనా, తాతయ్యకైనా ఒకటే కార్డు.

వాట్సాప్‌లో మన దగ్గర నంబరు ఉన్నవాళ్లకి ఒక్కసారే పంపు, రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలతో కలిపి వద్దు:

“నమస్కారం అన్నా. మన సెలూన్‌లో కార్డు మొదలుపెట్టాం. ఏడు కటింగులకి ఎనిమిదోది ఫ్రీ, మీ ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కార్డు. ఈసారి వచ్చినప్పుడు అడిగి తీసుకోండి, రెండు చుక్కలు మేమే కొట్టి ఇస్తాం. బుధ, గురువారాలు మధ్యాహ్నం వస్తే కూర్చోగానే పని అయిపోతుంది.”

రంజాన్ ముందు రోజు, భోగి ముందు రోజు, ఉగాది, వినాయక చవితి, దసరా, క్రిస్మస్ ముందు రోజులకి ఒక చిన్న అట్ట రాసి తలుపుకి తగిలించు: “ఈరోజు రద్దీ. ఫ్రీ కటింగ్ పండగ తర్వాత తప్పకుండా. చుక్క మాత్రం ఈరోజు కూడా పడుతుంది.” ఆ చివరి మాట వదలొద్దు.

ఇక మన వాళ్లకి. దీన్ని గల్లాపెట్టె మూత లోపల అంటించు:

డబ్బులు తీసుకున్నాకే పంచ్ కొట్టాలి, ముందు కాదు. ఫ్రీ కటింగ్‌కి మీ వాటా 60, మర్దనకి 20, ఆ రోజు సాయంత్రమే లెక్కలో ఇస్తాం. ఫ్రీ కటింగ్ అయ్యాక కార్డు తీసుకుని గల్లాపెట్టెలో వేయాలి, వెంటనే రెండు చుక్కలు కొట్టి కొత్తది ఇవ్వాలి. ఫ్రీ మనిషికి కూడా మెడ చుట్టూ కొత్త పేపరు, కొత్త బ్లేడు. కార్డు పోయిందంటే వాదించొద్దు, కొత్త కార్డు ఇవ్వండి. పాత చుక్కలు మనలో ఎవరికైనా గుర్తుంటే అవి కూడా కొట్టండి, లేకపోతే మొదటి రెండే.

సాయంత్రమే ఇవ్వడం అనేది నీ కోసం రాశాను మామా. వారానికోసారి కలిపి ఇద్దామనుకుంటావు, అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

స్టాంపు ముద్ర వద్దు, పంచే ఉండాలి. తడి చేతులతో ఇంకు అలుక్కుపోతుంది. పైగా మన నెల్లూరు ఎండకి చొక్కా జేబులో చెమట పట్టి ముద్ర మాయమవుతుంది. మామూలు గుండ్రటి రంధ్రమైతే ఎవరైనా ఇంట్లో కొట్టుకోవచ్చు, కాబట్టి నక్షత్రం ఆకారం కొట్టే పంచ్ కొను, క్రాఫ్ట్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. గళ్లన్నీ కార్డు అంచు పొడవునా ఉండాలి, మధ్యలో ఉంటే పంచ్ అందదు. కార్డు మామూలు విజిటింగ్ కార్డు సైజే, 300 జీఎస్ఎం, ముందు వైపు మాత్రమే లామినేషన్. వెనక కూడా వేయిస్తే తేదీ రాయడానికి పెన్ను పట్టదు. ముందు 500 చాలు. అవి అయిపోయేలోపు ఏ వాక్యం దగ్గర జనం మళ్లీ మళ్లీ అడుగుతున్నారో తెలుస్తుంది, రెండోసారి ఆ వాక్యం మారుద్దాం.

మంగళవారం షాపు మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు ప్రూఫ్ తెస్తాను. అత్తని కూడా ఉండమను, గడ్డం చుక్క గురించి ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

నీ మేనల్లుడు