8వ తరగతి తల్లిదండ్రులకు ఉత్తరం: మూత తీయని పెట్రీ డిష్‌లతో చేతుల శుభ్రతపై ప్రయోగం

పర్లాకిమిడి,
17 జనవరి 2026

8వ తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 27వ తేదీ మంగళవారం మన సైన్సు గదిలో చేయబోయే ఒక ప్రయోగం గురించి మీకు ముందుగా చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకు ముందే దీని సంగతి పిల్లలకు చెప్పాను. ఆ మాట ఇళ్లకు చేరేసరికి "బళ్లో క్రిములు పెంచుతారట" అని మారింది. ఇద్దరు తల్లులు ఫోన్ చేసి, పిల్లలకు జబ్బులేమైనా అంటుకుంటాయా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. కరోనా రోజులు చూసిన ఏ ఇంట్లోనైనా ఈ టెన్షన్ ఉంటుంది. కాబట్టి ఏం చేస్తామో, ఎందుకు చేస్తామో, జాగ్రత్తలు ఏమిటో వివరంగా రాస్తున్నాను. ఒడియా చదివే కుటుంబాలకు ఇదే ఉత్తరం ఒడియాలో వస్తుంది.

పెట్రీ డిష్ అంటే అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం, దాని మీద సరిపోయే మూత. 1887లో జూలియస్ రిచర్డ్ పెట్రీ అనే జర్మన్ శాస్త్రవేత్త దాని గురించి రాశారు కనుక ఆయన పేరే నిలిచింది. అందులో అగర్ అనే జెల్లీని పలచగా పోసి గట్టిపడనిస్తాం. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. చైనా గ్రాస్ పేరుతో కిరాణా కొట్లలో దొరికేది అదే. ల్యాబుకు దీన్ని తెచ్చిన ఆలోచన ఒక ఇల్లాలిది: ఫానీ హెస్సే జర్మనీలో తన వంటింట్లో జెల్లీలకు అగర్ వాడేవారు. అంతవరకూ ల్యాబులో బ్యాక్టీరియా పెంచడానికి వాడుతున్న జెలటిన్ వేడికి కరిగిపోతుంటే, దీన్ని వాడి చూడమని, ఆ పనే చేస్తున్న భర్తకు సలహా ఇచ్చారు. ఇది 1881 నాటి సంగతి. మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈ కథ తప్పకుండా చెబుతాను.

కొన్ని ఇళ్లలో పట్టింపు ఉంటుంది కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. బ్యాక్టీరియాకు ఆహారంగా అగర్‌లో కలిపే పొడుల్లో చాలావాటిలో మాంసం సారం ఉంటుంది. నేను తెప్పించిన దానిలో సోయా నుంచి తీసిన పెప్టోను అనే ప్రోటీన్ పొడి, ఈస్టు సారం మాత్రమే ఉన్నాయి.

ఇక ప్రయోగం. ఐదుగురికి ఒక డిష్ చొప్పున ఇస్తాను. దాని అడుగు భాగం మీద మార్కర్‌తో గీతలు గీసి నాలుగు భాగాలు చేస్తారు. మొదటి భాగంలో కడగని వేలు, రెండో భాగంలో ఉత్త నీళ్లతో కడిగిన వేలు, మూడో భాగంలో సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడిగి ఆరబెట్టుకున్న వేలు మెల్లగా ఆనిస్తారు. నాలుగో భాగాన్ని ఎవరూ ముట్టరు. మూత కొంచెం పైకెత్తి, వేలు ఆనించి, వెంటనే వేసేస్తారు. ఆ క్షణానికి అగర్ మీద ఏమీ పెరిగి ఉండదు. పిల్లవాడి వేలి మీద ఉన్నవి మాత్రమే దాని మీదకు వెళతాయి. పని అవగానే అందరూ సబ్బుతో చేతులు కడుక్కుంటారు.

అక్కడితో మూత తీయడం అయిపోయింది. పెంపకం మొదలయ్యాక ఆ డిష్‌ను పిల్లలు గానీ నేను గానీ మళ్లీ తెరవం. ఈ ప్రయోగంలో భద్రత అంతా ఈ ఒక్క నియమం మీదే ఆధారపడి ఉంది. ఎందుకంటే మూడు రోజుల తర్వాత లోపల కనిపించే ఒక్కో చుక్కలో లక్షలాది బ్యాక్టీరియా ఉంటాయి. మొదట అక్కడ పడిన ఒకటో రెండో కణాలు రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ పోయి కంటికి ఆనేంత గుంపు అవుతాయి. వేలి మీద ఉన్నప్పుడు ఏ హానీ చేయనివే అయినా, అంత సంఖ్యలో ఉన్నప్పుడు వాటిని ముట్టుకోవడం, వాసన చూడడం మంచిది కాదు. పైగా గాలిలోంచి బూజు కూడా పడి పెరగవచ్చు. మూత తీస్తే ఆ బూజు పొడిలా లేచి, ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇబ్బంది కలిగిస్తుంది.

డిష్‌లకు మొదట రెండు పక్కలా చిన్న టేపు ముక్కలు మాత్రమే అంటిస్తాం. ఇది చూసి "అప్పుడే చుట్టూ మూసేయలేదేం?" అని మీకు అనుమానం రావచ్చు. గాలి అసలు ఆడకపోతే, గాలి లేనిచోట బతికే రకాలకు వీలు కలుగుతుంది. వాటిలో కొన్ని మనకు అక్కర్లేనివి. అందుకని పెరిగే మూడు రోజులూ మూత ఊడకుండా టేపు పట్టి ఉంచుతుంది, డిష్‌లు బోర్లించి నా బీరువాలో తాళం లోపల ఉంటాయి. బోర్లించకపోతే మూతకు పట్టిన చెమ్మ చుక్కలుగా కారి, పెరిగినవన్నీ అలుక్కుపోతాయి. 30వ తేదీ శుక్రవారం ఉదయం, పిల్లలు రాకముందే, నేను గ్లౌజులు వేసుకుని చుట్టూ టేపు పూర్తిగా అంటించి, ఒక్కోదాన్ని జిప్ ఉన్న పారదర్శకమైన కవరులో పెడతాను. పిల్లల చేతికి వచ్చేది ఆ కవరే. భూతద్దంతో పైనుంచి చూసి, బొమ్మ గీసి, చుక్కలు లెక్కపెడతారు.

ఈ ప్రయోగాన్ని జనవరిలోనే పెట్టడానికి కారణం ఉంది. జబ్బు చేసే బ్యాక్టీరియాలో చాలా రకాలకు మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు, బాగా సరిపోతుంది. ఆసుపత్రి ల్యాబుల్లో వేడిని ఒకేలా ఉంచే ఇంక్యుబేటర్ అనే పెట్టెను ఆ వేడి దగ్గరే పెడతారు. మనం ఇంక్యుబేటర్ వాడం. బీరువా ఉన్న గదిలో ఈ చలికాలంలో 25 డిగ్రీలు దాటడం లేదు, థర్మామీటర్ పెట్టి రోజూ చూస్తున్నాను. ఏప్రిల్ ఎండల్లో అయితే ఈ ప్రయోగానికి నేనే ఒప్పుకోను.

వేళ్లు తప్ప ఇంకేదీ ఆనించనివ్వను. ముక్కు, నోరు, గొంతు, పుండ్లు, మరుగుదొడ్డి, కాలువ నీళ్లు, పచ్చి మాంసం, పెంపుడు జంతువులు, వీటిలో దేని నుంచీ నమూనా తీసుకోం. పిల్లలు ఉత్సాహం కొద్దీ మహేంద్రతనయ నీళ్లు సీసాలో పట్టి తెస్తామని ఇప్పటికే అడిగారు. దయచేసి ఏమీ పంపవద్దు. వేలికి గాయం, కురుపు ఉన్న పిల్లలు ఆ రోజు వేలు ఆనించరు.

చూడడం అయిపోయాక శుక్రవారం సాయంత్రమే డిష్‌లను కవర్లతో సహా ప్రెజర్ కుక్కర్‌లో పెట్టి, 15 పౌన్ల ఒత్తిడిలో, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచుతాను. ఆ వేడికి అన్నీ చస్తాయి. ప్లాస్టిక్ కూడా వంకరపోయి ముద్దవుతుంది. ఆ తర్వాతే చెత్తలోకి వెళుతుంది. ఆ కుక్కర్ ల్యాబుకే కేటాయించింది, దానిలో వంట చేయరు. ఒకవేళ డిష్ ఏదైనా కిందపడి పగిలితే పిల్లలు వెనక్కి జరుగుతారు. బ్లీచింగ్ ద్రవంలో తడిపిన గుడ్డ దాని మీద కప్పి, కాసేపు ఆగి, నేనే తీస్తాను. పిల్లలెవరూ తుడవరు.

ఇంత శ్రమ దేనికంటే, చేతులు కడుక్కోమని మనం ఎన్ని సార్లు చెప్పినా పిల్లలకు అది పెద్దల చాదస్తంగానే వినిపిస్తుంది. చేతులు చూడడానికి శుభ్రంగానే ఉంటాయి మరి. పాతపట్నం వైపు నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు కడ్డీ పట్టుకుని వస్తారు, దిగి బ్యాగు, గేటు, బెంచీ ముట్టుకుంటారు, ఇంటర్వెల్‌లో అదే చేత్తో మిక్చర్ పొట్లం విప్పుతారు. తన వేలు ఆనిన చోట వేలి ఆకారంలోనే చుక్కలు లేచి కనిపిస్తే ఆ పిల్లవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసేముందు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమని డాక్టర్లకు నియమం పెడితే తల్లుల మరణాలు బాగా తగ్గాయి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మలేదు. చూపించడానికి అప్పట్లో ఆయన దగ్గర ఇలాంటి డిష్ లేదు.

ఫలితం మనం అనుకున్నట్టే వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వను. ఒక్కోసారి సబ్బుతో కడిగిన వేలు దగ్గరే ఎక్కువ చుక్కలు వస్తాయి. చర్మం ముడతల్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా రుద్దినప్పుడు పైకి వస్తుంది. చేయి తడిగా ఉంటే ఇంకా సులువుగా అంటుతుంది. నాకు అలాంటి డిష్ వస్తేనే ఎక్కువ సంతోషం. అప్పుడే పిల్లలు కారణం వెతుకుతారు, పక్క గుంపు డిష్‌తో పోల్చి చూస్తారు. ఎవరూ ముట్టని నాలుగో భాగంలో కూడా చుక్క లేస్తే అది గాలిలోంచి పడిందా, మూత ఎక్కువసేపు ఎత్తామా అని వాదించుకుంటారు. వీటన్నిటికీ తోడు, అసలు మూతే ఎత్తని డిష్‌లు రెండు నా దగ్గర ఉంటాయి. వాటిలో ఏమైనా పెరిగితే తప్పు అగర్ తయారీలోనే ఉన్నట్టు.

ఇంటికి వచ్చి "నా వేలికి పద్దెనిమిది చుక్కలు వచ్చాయి" అని చెబితే దయచేసి కంగారు పడకండి, మందలించకండి. ఆ చుక్కలు జబ్బుకు గుర్తులు కావు. చర్మం మీద బ్యాక్టీరియా అందరికీ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మనల్ని ఏమీ చేయదు. వైరస్‌లు ఈ అగర్ మీద పెరగనే పెరగవు కాబట్టి జలుబు గురించి గానీ కరోనా గురించి గానీ ఈ డిష్ ఏమీ చెప్పలేదు. ఏ పిల్లవాడి చేతులు మురికివో తేల్చడానికి కూడా ఇది కాదు. డిష్‌ల మీద పేర్లు రాయం, గుంపు నంబరు మాత్రమే రాస్తాం.

మీ పిల్లలకు ఉబ్బసం, సికిల్ సెల్ ఉన్నా, స్టెరాయిడ్లు గానీ రోగనిరోధక శక్తిని తగ్గించే ఇతర మందులు గానీ వాడుతున్నా నాకు ముందుగా చెప్పండి. ఆ విషయం నా దగ్గరే ఉంటుంది. వాళ్లు డిష్‌లు పట్టుకోకుండా, నేను తీసిన ఫొటోల నుంచి చుక్కలు లెక్కపెట్టి బోర్డు మీద పట్టిక వేస్తారు. తరగతి మొత్తానికి ఆ పట్టికే ఆధారం, కాబట్టి ఎవరినీ పక్కన కూర్చోబెట్టినట్టు ఉండదు.

ఒక విషయం గట్టిగా కోరుతున్నాను. ఇది ఇంట్లో చేయనివ్వకండి. యూట్యూబ్‌లో చూసి చైనా గ్రాస్, గంజి కలిపి సీసాల్లో, స్టీలు గిన్నెల్లో పెంచి చూడాలని పిల్లలకు ఉంటుంది. ఇంట్లో మూత సరిగ్గా ఉండదు, చివర చంపే పద్ధతీ ఉండదు.

22వ తేదీ గురువారం సాయంత్రం 4 గంటలకు ఖాళీ డిష్‌లు, బీరువా, కుక్కర్ సైన్సు గదిలో చూపిస్తాను. వీలైన తల్లిదండ్రులు, తాతమ్మలు, తాతయ్యలు ఎవరైనా రావచ్చు. మీకు సమ్మతమైతే 24వ తేదీ శనివారంలోగా పిల్లల డైరీలో "పెట్రీ డిష్ ప్రయోగానికి ఒప్పుకుంటున్నాను" అని రాసి సంతకం చేసి పంపండి. రాయడం ఇబ్బందైతే బడికి వచ్చి నాతో చెప్పినా చాలు. ఒప్పుకోకపోతే కారణం చెప్పనవసరం లేదు. మీ అబ్బాయి, అమ్మాయి పట్టిక పనిలో ఉంటారు, మార్కులేమీ తగ్గవు.

27వ తేదీన పిల్లలను గోళ్లు కత్తిరించి పంపండి. సబ్బు, చేతి రుమాలు వేరుగా పంపనక్కర్లేదు, బడిలోనే ఉంచుతున్నాం.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
8వ తరగతి