బోరు నీళ్ళలో ఫ్లోరైడ్: ఆరో తరగతికి తిరగరాసిన పాఠం

నల్గొండ జిల్లాలో మా బడి ఆరో తరగతి పిల్లల కోసం రాసిన పాఠం ఇది. మా దగ్గర ఉన్నది డిగ్రీ వాళ్ళకి రాసిన పేరా ఒక్కటే. అది చదివితే వీళ్ళకి ఒక్క వాక్యం కూడా ఎక్కదు, కానీ అందులో ఉన్నదంతా వీళ్ళ వాడలో బోరింగు గురించే, వీళ్ళ తాతల నడుముల గురించే. అందుకని పదాలు మార్చాను, వాక్యాలు విడగొట్టాను, విషయం మాత్రం వదల్లేదు. అయాన్లు, ద్రావణీయత లాంటి మాటలు తీసేశాను. కాల్షియం ముక్క కాస్త కష్టమే అయినా ఉంచాను, ఎందుకంటే అది లేకపోతే ఒక ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ, పక్క ఊరి బోరులో తక్కువ ఎందుకుంటుందో వాళ్ళకి అర్థం కాదు. ముందు అసలు పేరా, దాని కింద నేను రాసింది. ఏ టీచరుకైనా పనికొస్తే అలాగే వాడుకోండి.

అసలు పేరా

అర్ధశుష్క మండలాల కఠిన శిలా జలస్తరాల్లో ఫ్లోరైడ్ గాఢత ప్రధానంగా గ్రానైట్ శిలల్లోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల శైథిల్యం వల్ల, శిల–జల పరస్పర చర్యా కాలావధిని అనుసరించి వృద్ధి చెందుతుంది. సోడియం బైకార్బొనేట్ ప్రాబల్యం గల క్షార జలాల్లో కాల్షియం కాల్సైట్ రూపంలో అవక్షేపితమవడంతో CaF₂ ద్రావణీయత విధించే పరిమితి సడలి ఫ్లోరైడ్ అయాన్ల గాఢత అధికమవుతుంది. బాష్పీభవనాధిక్యత ఈ ప్రక్రియను తీవ్రతరం చేస్తుంది. జీర్ణనాళం ద్వారా శోషితమైన ఫ్లోరైడ్, ఖనిజీభవన దశలోని కణజాలాల్లో హైడ్రాక్సీఅపటైట్ Ca₅(PO₄)₃OH లోని హైడ్రాక్సిల్ అయాన్‌ను ప్రతిక్షేపించి ఫ్లోరపటైట్ Ca₅(PO₄)₃F ను ఏర్పరుస్తుంది. అల్ప మోతాదులో ఇది దంతక్షయ నిరోధకం కాగా, లీటరుకు 1.5 మి.గ్రా. మించిన దీర్ఘకాలిక సేవనం దంత ఫ్లోరోసిస్‌కు, అంతకన్నా అధిక గాఢతల్లో అస్థి కాఠిన్యం, స్నాయు ఖనిజీభవనం లక్షణాలుగా గల అస్థి ఫ్లోరోసిస్‌కు దారితీస్తుంది. పటిక, సున్నం ఆధారిత స్కందన–అవక్షేపణ పద్ధతి ద్వారా ఫ్లోరైడ్‌ను తగ్గించవచ్చు.

మన బోరు నీళ్ళలో ఏముంది?

బోరింగు కొట్టి ఒక గ్లాసు నీళ్ళు పట్టండి. వెలుగులో పెట్టి చూడండి. తేటగా ఉన్నాయి, వాసన లేదు. ఈ నీళ్ళలో మీ కంటికి కనపడనిది ఒకటి కరిగి ఉండొచ్చు, దాని పేరు ఫ్లోరైడ్. రంగు ఉండదు, వాసన రాదు, మన బోర్లలో ఉండేంత మోతాదులో నాలుకకి కూడా తెలియదు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి కదా అని మంచివే అనుకోడానికి లేదు, ఉప్పగా ఉన్నాయి కదా అని ఫ్లోరైడ్ ఉందనుకోడానికీ లేదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

మరి అది నీళ్ళలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ కలపలేదు. మన ఊరి గుట్టలు చూశారు కదా, అవి గ్రానైట్ రాయి. పైన కనపడే గుట్టే కాదు, మన ఇళ్ళ కింద, చేల కింద కూడా అదే రాయి ఉంది. ఆ రాయిలో కొన్ని ఖనిజాలు ఉన్నాయి, వాటిలో ఫ్లోరైడ్ ఉంది. వాన పడ్డప్పుడు కొంత నీరు నేలలోకి ఇంకి, రాతి పగుళ్ళలోకి దిగి, అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. నీరు రాయికి తగులుతూ ఉన్నకొద్దీ రాయి కొంచెం కొంచెంగా అరిగి, అందులోని ఫ్లోరైడ్ నీళ్ళలో కరుగుతుంది. ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. వాన నీళ్ళకి రాయితో అంత సావాసం ఉండదు కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, నది నీళ్ళలో కూడా సాధారణంగా చాలా తక్కువే.

ఇప్పుడు కొంచెం నిదానంగా చదవండి. రాయి ఒకటే అయినా అన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఒకేలా ఉండదు, దానికి ఒక ముఖ్యమైన కారణం కాల్షియం. పాలలో ఉంటుంది, సున్నంలో ఉంటుంది అని మీరు విన్న కాల్షియమే. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, రెండూ కలిసి గట్టి పదార్థంగా మారి నీళ్ళలోంచి విడిపోతాయి. అప్పుడు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. కాల్షియం తక్కువగా, సోడియం ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఆ హద్దు ఉండదు, ఫ్లోరైడ్ పెరుగుతూ పోతుంది. దీనికి తోడు మన దగ్గర ఎండలు ఎక్కువ, వానలు తక్కువ. నీరు ఆవిరైపోతుంది కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు, మిగిలిన నీళ్ళలోనే ఉండిపోతుంది.

ఎంత ఉంటే ఎక్కువ? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. మన దేశం లెక్క ఇంకా గట్టిది, 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరక్కపోతేనే 1.5 వరకు ఫరవాలేదు అంటారు. ఇది ఎంత చిన్న మొత్తమో చూడండి. మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంటుంది కదా, ఆ ట్యాంకు మొత్తంలో ఒకటిన్నర గ్రాము ఫ్లోరైడ్ ఉంటే అది హద్దు. అంత కొంచెం ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ నీళ్ళు మనం ఒక రోజు తాగి ఊరుకోం, రోజూ తాగుతాం, వాటితోనే అన్నం వండుకుంటాం, పప్పు వండుకుంటాం.

తాగిన నీళ్ళతో పాటు ఫ్లోరైడ్ కడుపులోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్తుంది. కొంత మూత్రంలో బయటికి పోతుంది. మిగిలింది ఎముకల్లో, పళ్ళలో చేరి నిలవ ఉంటుంది. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంట్లో ఎక్కువ భాగం ఉండిపోతుంది, ఎందుకంటే వాళ్ళ ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి.

ఎముకల్లోనే ఎందుకు చేరుతుంది? ఎముకని, పన్నుని గట్టిగా ఉంచే పదార్థం కాల్షియం, ఫాస్ఫరస్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి తయారైంది. వీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి ఉండే ఒక చిన్న జంట ఉంది, దాని సైజూ ఫ్లోరైడ్ సైజూ ఇంచుమించు ఒకటే. దండలో ఒక పూస తీసి అంతే ఉన్న ఇంకో రకం పూస గుచ్చినట్టు, ఫ్లోరైడ్ వచ్చి ఆ జంట ఉన్న చోట కూర్చుంటుంది. దండ తెగదు, చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ పదార్థం మారిపోయింది.

కొంచెం ఫ్లోరైడ్ పంటికి మేలు చేస్తుంది. మారిన పదార్థం పులుపుకి తొందరగా కరగదు కాబట్టి పన్ను పుచ్చడం తగ్గుతుంది. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ కలిపేది ఇందుకే. కాబట్టి ఫ్లోరైడ్ అంటేనే విషం అని రాసుకోకండి, మోతాదు దాటడం వల్లే కీడు అని రాసుకోండి.

మోతాదు దాటితే ముందు తెలిసేది పళ్ళలో. పంటి మీద తెల్లటి మచ్చలు, సున్నం పూసినట్టు గీతలు వస్తాయి, తర్వాత అవే పసుపుగా, గోధుమ రంగుగా మారతాయి. మన దగ్గర గార పళ్ళు అంటారు. ఒక మాట గట్టిగా చెప్తున్నా, అందరూ వినండి. ఈ మచ్చలు సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. మీ ముందు పళ్ళ పైపొర మీకు ఎనిమిదేళ్ళు రాకముందే, చాలావరకు చిగుళ్ళ లోపలే తయారైపోయింది, మచ్చ కూడా అప్పుడే పడింది. ఎంత తోమినా అది పోదు. అలాంటి పళ్ళున్న వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు మన క్లాసులో ఉండకూడదు. ఇంకో సంగతి, ఇంట్లో మీ తమ్ముడు, చెల్లెలు ఇంకా చిన్నవాళ్ళయితే మంచి నీళ్ళు అందరికంటే ముందు వాళ్ళకి కావాలి.

ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువున్న నీళ్ళు చాలా ఏళ్ళు తాగితే ఎముకల దాకా వస్తుంది. కీళ్ళు నొప్పులు పెడతాయి. ఎముక మందంగా అవుతుంది, కానీ బలంగా ఉండదు. ఎముకల్ని కలిపి ఉంచే, తాడులాంటి మెత్తటి భాగాలు కూడా గట్టిపడిపోతాయి, అప్పుడు మెడ తిరగదు, నడుం వంగదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బుని ఫ్లోరోసిస్ అంటారు. అది ఉందేమో అని ఊళ్ళలో చూసేటప్పుడు మూడు పనులు చేయిస్తారు: మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోవాలి, గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి, రెండు చేతులూ మడిచి తల వెనక పెట్టుకోవాలి. చేయలేకపోతే అది ఫ్లోరోసిసే అని కాదు, డాక్టరు చూడాలి అని మాత్రం అర్థం. మంచి తిండి లేని పిల్లల్లో, ముఖ్యంగా కాల్షియం తక్కువైన వాళ్ళలో కాళ్ళు వంకర పోవడం కూడా ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బు సంగతి 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి వైపు ఊళ్ళ నుంచి బయటపడింది.

వంగిపోయిన ఎముకని మందులతో మళ్ళీ మామూలుగా చేయలేం. రాకుండా చూసుకోగలం, అది నీళ్ళు మార్చడంతో మొదలవుతుంది. నది నీళ్ళు శుద్ధి చేసి మిషన్ భగీరథ పైపుల్లో ఇస్తున్నారు కదా, తాగడానికీ వండడానికీ అవి వాడాలి, బోరు నీళ్ళు బట్టలకీ గిన్నెలకీ చాలు. పాలు, రాగి జావ, ఆకుకూరల్లో కాల్షియం ఉంటుంది, ఉసిరి, జామ, నిమ్మలో విటమిన్ సి ఉంటుంది, ఇవి తింటే ఒంటికి కొంత కాపు.

నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. లెక్క వేద్దాం. లీటరుకి 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు రెండు లీటర్లు తీసుకుంటే మొత్తం 6 మిల్లీగ్రాములు. అవి మరిగి ఒకటిన్నర లీటరుకి వచ్చాయి. ఫ్లోరైడ్ ఆ 6 అలాగే ఉంది, కాబట్టి ఇప్పుడు లీటరుకి 4. గుడ్డలో వడగట్టినా పోదు, అది నీళ్ళలో కరిగిపోయింది.

తీసే పద్ధతి ఒకటి ఉంది, దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేశారు. నీళ్ళలో సున్నం, పటిక, క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలుపుతారు. దూది తునకల్లాంటివి తయారై ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్ళు వేరే పాత్రలోకి తీసుకుంటారు. ఎంత పటిక, ఎంత సున్నం వేయాలో ఆ నీళ్ళని పరీక్ష చేసే చెప్పాలి, అందాజాగా ఇంట్లో చేయకండి, పటిక మోతాదు దాటితే అదీ మంచిది కాదు.

జవాబులు మీ మాటల్లో రాయండి

ఒకే గుట్ట కింద రెండు బోర్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. ఎందుకై ఉండొచ్చు?

టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ మంచిదే అన్నారు, నీళ్ళలో ఎక్కువైతే చెడ్డదన్నారు. రెండూ ఎలా నిజం?

"మేం నీళ్ళు కాచి చల్లార్చుకునే తాగుతున్నాం, మాకేం భయం లేదు" అని మీ నాయనమ్మ అంది. ఆమెకి మీరు ఏం చెప్తారు? లెక్క వేసి చూపించండి.