విభాగాల వారీ లాభనష్టాల పట్టిక, 2024-25: పచ్చళ్లు, పొడులు, అప్పడాలు

భాగస్వాములకు

కాలం: ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 వరకు
అంకెలన్నీ లక్షల రూపాయల్లో. ఇది మన లోపలి నిర్ణయాల కోసం వేసింది, పన్ను రిటర్నుకు వెళ్లే లెక్క కాదు.

జూన్ మీటింగ్‌లో మీ ముందు పెట్టిన పట్టికలో అప్పడాలు-వడియాలు 12.6 లక్షలు నష్టం, పచ్చళ్లు 6.3 లాభం, పొడులు 12.9 లాభం అని ఉంది. అది చూసే అప్పడాలు ఆపేద్దామన్న మాట వచ్చింది. ఆ పట్టిక వేసిందీ నేనే. స్థిర ఖర్చులు మొత్తం 95.4 లక్షలనూ ఒకే కుప్పగా పోసి, మస్టర్‌లో ఉన్న మనుషుల లెక్కన పంచాను. పచ్చళ్లలో 30 మంది, పొడుల్లో 12 మంది, అప్పడాల్లో 18 మంది. అలా పంచడం తప్పని ఇప్పుడు చెబుతున్నాను. ఏ ఖర్చు ఎవరిదో వోచర్లన్నీ మళ్లీ తిరగేసి వేసిన పట్టిక ఇది. ఇందులో కాంట్రిబ్యూషన్ అంటే అమ్మకాల్లోంచి సరుకుతో పెరిగి తరిగే ఖర్చులు తీసేస్తే మిగిలేది, సెగ్మెంట్ మార్జిన్ అంటే అందులోంచి ఆ విభాగం సొంత స్థిర ఖర్చులు కూడా తీసేస్తే మిగిలేది.

| | పచ్చళ్లు | పొడులు | అప్పడాలు-వడియాలు | మొత్తం |
|---|---|---|---|---|
| అమ్మకాలు | 180.0 | 96.0 | 54.0 | 330.0 |
| ముడిసరుకు | 84.0 | 40.0 | 19.0 | 143.0 |
| ప్యాకింగ్ | 16.0 | 8.0 | 4.0 | 28.0 |
| కిలో లెక్కన కూలి | 12.0 | 4.0 | 9.0 | 25.0 |
| రవాణా, షాపుల కమీషన్ | 14.0 | 12.0 | 6.0 | 32.0 |
| కాంట్రిబ్యూషన్ | 54.0 | 32.0 | 16.0 | 102.0 |
| నెల జీతాలు (ఆ విభాగం వాళ్లవే) | 11.0 | 9.0 | 4.5 | 24.5 |
| యంత్రాల తరుగుదల | 5.0 | 9.0 | 1.5 | 15.5 |
| గోడౌన్, డాబా అద్దె | 6.0 | 3.0 | 2.4 | 11.4 |
| ఆ సరుకుకే ఇచ్చిన ప్రకటనలు | 3.0 | 8.0 | 0.0 | 11.0 |
| సెగ్మెంట్ మార్జిన్ | 29.0 | 3.0 | 7.6 | 39.6 |
| ఉమ్మడి స్థిర ఖర్చులు | | | | 33.0 |
| నికర లాభం | | | | 6.6 |

నికర లాభం జూన్‌లో చూపిన 6.6 లక్షలే. ఒక్క రూపాయి కూడా మారలేదు. మారిందల్లా ఎవరు ఎంత తెచ్చారన్నది.

విభాగానికే చెందే ఖర్చును ఎలా గుర్తించాను

ప్రతి వోచర్ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఈ విభాగమే లేకపోతే ఈ ఖర్చు మన పుస్తకాల్లోకి వచ్చేదా? అప్పడాలు, వడియాలు ఎండబెట్టే డాబాకు నెలకు 20,000 అద్దె కడుతున్నాం. అప్పడాలు లేకపోతే ఆ డాబాతో మనకు పనే లేదు. అందుకని ఏడాదికి 2.4 లక్షలూ అప్పడాలవే. పచ్చళ్ల జాడీల గోడౌన్, పొడుల పల్వరైజర్ కూడా ఇదే లెక్క.

ఉమ్మడి ఖర్చులు 33.0 లక్షలు ఇవి: ఆఫీసు, అకౌంట్స్ జీతాలు 14.4, ఆఫీసు భవనం అద్దె 7.2, మీ ఇద్దరి వేతనం 7.2, ఆఫీసు కరెంటు, జనరేటర్ 2.4, ఫుడ్ లైసెన్స్, బీమా, ఆడిట్ కలిపి 1.8. వీటిలో ఏదీ ఏ ఒక్క సరుకు ఆపేసినా తగ్గదు. ఫుడ్ లైసెన్స్ ఈ ప్రాంగణం మొత్తానికీ ఒక్కటే. అందుకే ఈ 33.0ని ఎవరి కిందా వేయలేదు, మొత్తం వరుసలోనే ఉంచాను.

మస్టర్ లెక్కన పంచినప్పుడు జరిగిన అన్యాయం ఇది. అప్పడాల్లో 18 మంది ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, పీటల ముందు కూర్చుని, ఒత్తినంతకు కిలో లెక్కన కూలి తీసుకుని వెళతారు. వాళ్లకు ఆఫీసు గదితో, కంప్యూటర్లతో, జనరేటర్‌తో సంబంధం లేదు. అయినా మనుషుల సంఖ్య ఎక్కువ కాబట్టి 95.4 లక్షల్లో 30 శాతం, అంటే 28.6 లక్షలు, వాళ్ల విభాగం నెత్తిన పడింది. అప్పడాల సొంత స్థిర ఖర్చు 8.4 లక్షలే.

అప్పడాలు ఆపేస్తే

16.0 కాంట్రిబ్యూషన్ పోతుంది, 8.4 ఖర్చు తగ్గుతుంది. 6.6 లాభం కాస్తా 1.0 నష్టం అవుతుంది. అది కూడా యంత్రాలు పుస్తకపు విలువకు అమ్ముడుపోతేనే. అమ్ముడుపోక మూల పడి ఉంటే వాటి తరుగుదల 1.5 ఎటూ తప్పదు, నష్టం 2.5కు చేరుతుంది. అప్పడాలు ఆపవద్దని నా గట్టి అభిప్రాయం.

పొడుల సంగతి

ఎక్కువ చూడాల్సింది ఇక్కడే. కాంట్రిబ్యూషన్ శాతం మూడింట్లో పొడులదే మెరుగు, 33.3. అయినా చివరికి 3.0 లక్షలే నిలిచాయి. ఎక్కడ కరిగిపోయిందో చూద్దామని విభాగాన్ని రెండుగా విడదీశాను.

| | కారం | కందిపొడి, నువ్వులపొడి వగైరా | పొడుల మొత్తం |
|---|---|---|---|
| అమ్మకాలు | 60.0 | 36.0 | 96.0 |
| సరుకుతో పెరిగి తరిగే ఖర్చులు | 44.0 | 20.0 | 64.0 |
| కాంట్రిబ్యూషన్ | 16.0 | 16.0 | 32.0 |
| నెల జీతాలు | 5.0 | 4.0 | 9.0 |
| తరుగుదల | 7.0 | 2.0 | 9.0 |
| ప్రకటనలు | 6.5 | 0.0 | 6.5 |
| మార్జిన్ | -2.5 | 10.0 | 7.5 |
| రెండింటికీ ఉమ్మడి: అద్దె 3.0, ప్రకటన 1.5 | | | 4.5 |
| పొడుల మార్జిన్ | | | 3.0 |

ఒక్క మాట గమనించండి. పై పట్టికలో గది అద్దె 3.0 పొడుల సొంత ఖర్చు. పొడులను రెండుగా చీల్చగానే అదే ఉమ్మడి ఖర్చు అయిపోయింది, ఎందుకంటే కారం, కందిపొడి ఒకే గదిలో తయారవుతాయి. ఏ మెట్టు దగ్గర నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఖర్చు పేరు మారుతుంది. దాన్ని బలవంతంగా చెరిసగం చేస్తే జూన్ తప్పే మళ్లీ చేసినట్టు.

కారం 2.5 నష్టంలో ఉందని దాన్ని మూసేయమని చెప్పడం లేదు. తరుగుదల 7.0 ఎప్పుడో కొన్న పల్వరైజర్‌ది, కారం పట్టడం ఆపినా ఆ డబ్బు తిరిగి రాదు. దాన్ని పక్కన పెడితే కారం ఏడాదికి 4.5 లక్షలు చేతికి ఇస్తోంది. తేడా అంతా ప్రకటనల దగ్గరుంది. కారం మీద నూటికి మిగిలేది 26.7. 6.5 లక్షల ప్రకటన తన ఖర్చు తాను రాబట్టుకోవాలంటే దాని వల్ల కనీసం 24.4 లక్షల అదనపు అమ్మకం రావాలి. డీలర్ల బిల్లులు చూస్తే అంతకు ముందు ఏడాది కన్నా కారం అమ్మకం పెరిగింది 11 లక్షలు. అదంతా ప్రకటన చలవే అనుకున్నా వచ్చింది 2.9 లక్షలు, పెట్టింది 6.5.

నేను అడుగుతున్నది

కారం ప్రకటన ఒప్పందం సెప్టెంబర్‌తో ముగుస్తుంది, దాన్ని పొడిగించవద్దు. ఆ డబ్బులో 1.5 లక్షలతో కందిపొడి, నువ్వులపొడి చిన్న ప్యాకెట్లు వేసి చూద్దాం. వాటి మీద నూటికి 44 మిగులుతోంది, పైగా ఇప్పటివరకు వాటికంటూ విడిగా ఒక్క ప్రకటన కూడా ఇవ్వలేదు. అప్పడాల డాబా అగ్రిమెంట్ ఈ నెలాఖరుకు రెన్యువల్‌కు వస్తోంది. ఓనర్ 22,000 అడుగుతున్నాడు. ఆ లెక్కన ఏడాదికి 0.24 పెరిగినా అప్పడాల మార్జిన్ 7.36 ఉంటుంది కాబట్టి సంతకం పెట్టేయవచ్చు.

పచ్చళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఇంటిని నిలబెడుతున్నది అవే.

మీరు సరేనంటే డాబా అగ్రిమెంట్ కాగితాలు సోమవారం తెస్తాను.

అకౌంట్స్ ఇన్‌చార్జి
గుంటూరు