ఇటుక ముక్కతో గీసిన గీతలు

మా నాన్న సెంట్రింగ్ పని చేసేవారు. స్లాబు పోసిన రోజు నుంచి పక్క గోడ మీద ఇటుక ముక్కతో రోజుకో గీత గీసేవారు. చిన్న స్లాబుకు ఏడు గీతలు, పెద్ద దానికి పద్నాలుగు గీతలు పడ్డాకే స్లాబును కింద నుంచి మోసే జాకీలు తీసేవారు. సెలవుల్లో అన్నం డబ్బా తీసుకుని సైటుకు వెళ్తే ఆ గీతలు లెక్కపెట్టే పని నాదే. "తొందరపడొద్దు బిడ్డా, సిమెంటు గట్టిపడే టైము దానికియ్యాలె" అనేవారు. నాన్న బడికి వెళ్లలేదు. అమ్మ వేలిముద్రే వేస్తుంది. 2009లో నారాయణపేట పక్క పల్లె నుంచి పని కోసం హైదరాబాద్ వచ్చారు. మా ఇంట్లో ఇంటర్ పాసైన మొదటి మనిషిని నేనే. ఇంజనీరింగ్ చదవడానికి మీ స్కాలర్‌షిప్ కోరుతూ ఇది రాస్తున్నాను.

2023 నవంబర్‌లో రెండో అంతస్తు పరంజా మీద తడి రేకుపై కాలు జారి నాన్న కిందపడ్డారు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. బెల్టు లేదు, కింద వల లేదు. పని ఇచ్చిన మేస్త్రీ 5,000 చేతిలో పెట్టి వెళ్లాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. వైద్యానికి, ఆ ఐదు నెలల తిండికి మూడు రూపాయల వడ్డీకి 80,000 అప్పు తెచ్చాం. నెలకు 2,400 వడ్డీకే పోతుంది. అసలు ఇంకా కదల్లేదు.

నాన్న ఇప్పుడు మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. జీతం 7,000. సెల్లార్‌లో మెట్ల కింద గది ఇచ్చారు కాబట్టి అద్దె తప్పింది. అమ్మ మూడు ఇళ్లలో పని చేసి 7,500 తెస్తుంది. తమ్ముడు తొమ్మిదో తరగతి. నేను సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎర్రగడ్డలో జిరాక్స్ షాపులో పని చేస్తాను, నాకు 4,000 ఇస్తారు. షాపు నుంచి వచ్చాక సెల్లార్ ట్యూబ్‌లైట్ కింద చదువుకునేదాన్ని. తెల్లవారుజామున నీళ్ల మోటారు వేయగానే ఆ చప్పుడుకు లేచి మళ్లీ పుస్తకం పట్టేదాన్ని. ఇంటర్ ఎంపీసీలో 1,000కి 946 వచ్చాయి, ఎప్‌సెట్‌లో 9,212 ర్యాంకు. సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది.

పదివేల లోపు ర్యాంకు కాబట్టి పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ఫీజు లేదు కదా, ఇంకేం కావాలి అని అడిగినవాళ్లు ఉన్నారు. మాకు అసలు టెన్షన్ ఫీజుతో కాదు, టైముతో. కాలేజీ నాలుగున్నరకు అయిపోతే ఐదింటికి నేను షాపులో ఉండలేను. షాపు మానేస్తే వడ్డీ కట్టడానికి డబ్బు ఉండదు. బస్ పాస్, పరీక్ష ఫీజు, డ్రాయింగ్ సామాను, ఆటోక్యాడ్ నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ దీనికి అదనం. మీ స్కాలర్‌షిప్ ఏడాదికి 60,000 అని ప్రకటనలో చూశాను. అందులో 40,000 పది నెలల షాపు జీతానికి సమానం. మిగతాది పుస్తకాలకు, పరీక్షలకు, ల్యాప్‌టాప్ వాయిదాలకు. నేను అడుగుతున్నది రోజుకు నాలుగున్నర గంటల చదువు.

సివిల్ ఎందుకు, కంప్యూటర్స్ తీసుకోవచ్చు కదా అని మా లెక్చరర్ కూడా అన్నారు. ఒక రోజు షాపుకు పాలిటెక్నిక్ విద్యార్థి నోట్స్ జిరాక్స్‌కు తెచ్చాడు. పేజీలు తిప్పుతుంటే కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 పట్టిక కనిపించింది: నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు ఏడు రోజులు, దాటితే పద్నాలుగు రోజుల తర్వాతే జాకీలు తీయాలి. నాన్న గీతలు! చదువు రాని మనిషి గోడ మీద గీసుకున్నదే దేశం పాటించే నియమం. ఆ పేజీ ఒకటి ఎక్కువ తీసి ఇంటికి తెచ్చి నాన్నకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నారు.

ఆ తర్వాతే ఇంకోటి తెలిసింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగితే సాయం అందుతుంది. నాన్న పద్నాలుగేళ్లు సైట్లలోనే ఉన్నారు. ఆ నమోదు కార్డు సంగతి ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. దీని గురించి ఇప్పటికీ నాకు కోపంగానే ఉంది.

బీటెక్ తర్వాత సైట్ ఇంజనీర్‌గా చేరి, నిర్మాణ భద్రతలో పైచదువు చదవాలని ఉంది. నేను చూసే సైటులో బెల్టు, వల లేకుండా ఎవరూ పైకి ఎక్కరు, కార్డు లేని కూలీకి మొదటి వారంలోనే కార్డు రాయిస్తాను. అంతవరకు ఆగనక్కర్లేదని ఈ వేసవి నుంచే మొదలుపెట్టాను. షాపుకు వచ్చే అడ్డా కూలీల్లో పదకొండు మందికి దరఖాస్తులు నింపి ఇచ్చాను.

మా అపార్ట్‌మెంట్ ఎదురుగా కొత్త బిల్డింగ్ లేస్తోంది. నాన్న గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, పక్క గోడ మీద గీతలు గీస్తూనే ఉన్నారు. మూడో అంతస్తు స్లాబుకు ఇవాళ తొమ్మిదో గీత పడింది.