శ్రీరామనవమి కల్యాణోత్సవానికి అనుమతి కోరుతూ దరఖాస్తు

తెనాలి,
27-03-2025.

స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
వన్ టౌన్ పోలీస్ స్టేషన్, తెనాలి.

అయ్యా,

ఏప్రిల్ 6, ఆదివారం శ్రీరామనవమి సందర్భంగా మా రామాలయం వీధిలో సీతారాముల కల్యాణం జరుపుకోదలచాము. ఉదయం 9 గంటలకు మొదలై, మధ్యాహ్నం కల్యాణం, అన్నప్రసాదం అయ్యాక 3 గంటలకు ముగుస్తుంది. ఊరేగింపు, డీజే ఉండవు. మంత్రాలు వినిపించడానికి రెండు చిన్న స్పీకర్లకు మాత్రమే అనుమతి కోరుతున్నాం.

సుమారు 200 మంది వస్తారు. వారిలో పెద్దవాళ్లు, పిల్లలే ఎక్కువ కాబట్టి ఎండ గురించే మాకు టెన్షన్. అందుకే వీధికి ఒక పక్కన చలువ పందిరి వేసి, కుర్చీలు, మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్ సిద్ధంగా ఉంచుతాం. అంబులెన్స్ వెళ్లేందుకు రెండో పక్క పూర్తిగా ఖాళీగా వదులుతాం. వంటను పందిరికి దూరంగా, ఖాళీ స్థలంలో చేయిస్తాం; అక్కడ ఇసుక బకెట్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటాయి. కరెంటు పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాం. క్యూ, పార్కింగ్ చూసుకోవడానికి ఐదుగురు మహిళలతో కలిపి 15 మంది వాలంటీర్లు ఉంటారు.

మీరు విధించే షరతులన్నీ పాటిస్తాం. వీలైతే రద్దీ ఎక్కువగా ఉండే 12 నుంచి 2 గంటల మధ్య ఒక కానిస్టేబుల్‌ను పంపగలరు. స్థలం ప్లాను, కమిటీ సభ్యుల ఆధార్ కాపీలు జతపరిచాము. దయచేసి అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
కార్యదర్శి,
ఉత్సవ కమిటీ, రామాలయం వీధి.